ప్రకటనలో సీనియర్, ఆఫర్ లెటర్‌లో కాదు

(కూకట్‌పల్లిలో ఒక ఆదివారం ఉదయం ఉద్యోగం మారాలనుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడినట్టుగానే రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోంది కదా? సరే.

నేను పద్నాలుగేళ్లుగా రిక్రూట్‌మెంట్‌లోనే ఉన్నాను. ముందు అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ, తర్వాత గచ్చిబౌలిలో కంపెనీల లోపలి హెచ్‌ఆర్ టీమ్‌లు. అంటే ఆఫర్ లెటర్ పంపే వైపున కూర్చున్నదాన్ని. ఈరోజు ఒక్క విషయమే మాట్లాడతాను. ప్రకటనలో 'సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్' అని ఉంటుంది, మీరు దానికే అప్లై చేస్తారు, నాలుగు రౌండ్లు దాటతారు, ఆఫర్ మెయిల్ వస్తుంది, తెరిచి చూస్తే 'సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ 2' అని ఉంటుంది. అప్పుడు ఏం చేయాలి, ఏం రాయాలి, ఎవరికి రాయాలి అన్నదే.

మా చెల్లెలి స్నేహితురాలు ఒకమ్మాయికి సరిగ్గా ఇదే జరిగింది. తన అనుమతితోనే చెబుతున్నాను, పేరూ కంపెనీ పేరూ మాత్రం చెప్పను. ఏడేళ్ల అనుభవం, పేమెంట్స్ మీద పని. ఇప్పుడున్న చోట అప్పటికే రెండేళ్లుగా సీనియర్. గురువారం సాయంత్రం ఆరున్నరకి ఆఫర్ మెయిల్ వచ్చింది, మూడు రోజుల్లో లింక్ నొక్కి యాక్సెప్ట్ చేయమని. ఫిక్స్‌డ్ 26 లక్షలు, అంటే ఫోన్లో మాట్లాడుకున్నంతే. ఇంట్లో అందరూ సంతోషించారు, వాళ్ల నాన్నగారు స్వీట్లు కూడా తెచ్చారు. రాత్రి పదకొండింటికి పీడీఎఫ్ తీరిగ్గా చదువుతుంటే మొదటి పేజీలో హోదా దగ్గర 'సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ 2', దాని కింద గ్రేడ్ జీ6 అని కనబడింది. నాకు ఫోన్ చేసి, 'అక్కా, డబ్బు అంతే ఉంది కదా, దీన్ని పట్టించుకోవాలా?' అని అడిగింది.

పట్టించుకోవాలి. ఎందుకో ఆ అమ్మాయి లెక్కతోనే చెబుతాను, ఎందుకంటే చాలామంది దీన్ని విజిటింగ్ కార్డు మీద అక్షరాల గొడవ అనుకుంటారు.

తర్వాత ఆ కంపెనీ వాళ్లే చెప్పిన ప్రకారం జీ6లో వేరియబుల్ పది శాతం, జీ7లో, అంటే సీనియర్ గ్రేడ్‌లో, పదిహేను శాతం. 26 లక్షల మీద పది శాతం అంటే 2.6 లక్షలు, పదిహేను అంటే 3.9 లక్షలు. ఫిక్స్‌డ్ ఒకటే అయినా ఏడాదికి 1.3 లక్షల తేడా. ఇది చిన్న విషయం. పెద్దది ప్రమోషన్. అక్కడ ఒక గ్రేడ్‌లో పద్దెనిమిది నెలలు నిండితే తప్ప పై గ్రేడ్‌కి పేరు పెట్టరు, ప్రమోషన్లు ఇచ్చేది ఏప్రిల్‌లో మాత్రమే. ఆ అమ్మాయి చేరాల్సింది నవంబరులో. లెక్క వేయండి. పద్దెనిమిది నెలలు నిండేది మే నెలలో. ఆ ఏడాది ఏప్రిల్‌కి పదిహేడు నెలలే అవుతాయి, ఒక్క నెల తక్కువ. కాబట్టి ఆ పై ఏప్రిల్ దాకా ఆగాలి. అంటే ఇరవై తొమ్మిది నెలలు, అది కూడా మొదటిసారే ఇస్తే. ఇప్పటికే సీనియర్‌గా ఉన్న మనిషి మళ్లీ సీనియర్ అవడానికి దాదాపు రెండున్నరేళ్లు. ఆ లోపు ఇంకో కంపెనీకి వెళ్లాలనుకుంటే, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో చూసేది మన రెజ్యూమేలో ఏం రాసుకున్నామని కాదు, రిలీవింగ్ లెటర్‌లో ఏ హోదా ఉందని.

అందుకే ఆ రాత్రి తనకి రెండే మాటలు చెప్పాను. యాక్సెప్ట్ నొక్కకు, ఇక్కడ రాజీనామా పెట్టకు. ఇంకోటి, ఆ ప్రకటన ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. ఆఫర్ రిలీజ్ అయ్యాక ఆ పొజిషన్ క్లోజ్ చేస్తారు, పేజీ మాయమైపోతుంది, తర్వాత 'సీనియర్ అని ఎక్కడుంది?' అంటే చూపించడానికి ఏమీ ఉండదు. జాబ్ ఐడీ కనబడేలా, కింద చిన్న అక్షరాల దాకా మొత్తం తీయాలి. ఇంటర్వ్యూ క్యాలెండర్ ఇన్వైట్లు కూడా చూడండి, వాటి సబ్జెక్ట్‌లో చాలాసార్లు పొజిషన్ పేరు ఉంటుంది. తనకి నాలుగు ఇన్వైట్లలోనూ 'సీనియర్' అనే ఉంది.

ఆ చిన్న అక్షరాలు ఎందుకన్నానంటే, కొన్ని ప్రకటనల్లో చివర 'ఇంటర్వ్యూ ఫలితాన్ని బట్టి లెవెల్ నిర్ణయిస్తాం' అని ఒక వాక్యం ఉంటుంది. అది ఉందంటే మీ వాదన కాస్త బలహీనపడుతుంది, అడగడానికి ఇబ్బందేమీ లేదు కానీ 'మీరు మాట తప్పారు' అనే ధోరణి పనికిరాదు. ఇంకోటి, ఆ ప్రకటన పెట్టింది ఎవరు? మన ఊళ్లో చాలా ఉద్యోగాలు కన్సల్టెన్సీల ద్వారానే వస్తాయి. నేను కన్సల్టెన్సీలో ఉన్న రోజుల్లో, చెప్పడానికి బాధగానే ఉంది, ఎక్కువమంది అప్లై చేస్తారని కంపెనీ ఇచ్చిన హోదాకి ముందు 'సీనియర్' తగిలించి పోస్ట్ చేయడం కళ్లారా చూశాను. అలాంటప్పుడు కంపెనీని నిలదీసి లాభం లేదు, వాళ్లు ఆ మాట ఎప్పుడూ అనలేదు. అందుకే కంపెనీ సొంత కెరీర్స్ పేజీలో అదే జాబ్ ఐడీ ఏమంటోందో చూడాలి. ఈ అమ్మాయి విషయంలో ప్రకటనా, కెరీర్స్ పేజీలోదీ రెండూ కంపెనీ పెట్టినవే.

ఇప్పుడు అసలు విషయం. లెటర్‌లో హోదా తగ్గడానికి నేను చూసినంతలో మూడు కారణాలు ఉంటాయి, బయటి నుంచి చూస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి. ఒకటి ఉత్త పొరపాటు. ఒక రిక్విజిషన్‌ని, అంటే మనిషి కావాలని టీమ్ లోపల పెట్టే అభ్యర్థనని, రెండు గ్రేడ్‌లకి కలిపి తెరుస్తారు, ఆఫర్ తయారు చేసేవాళ్లు డ్రాప్‌డౌన్‌లో కింది దాన్ని ఎంచుకుంటారు. ఇది మీరు అనుకునే దానికన్నా ఎక్కువే జరుగుతుంది. రెండోది పేర్ల తేడా. వాళ్ల దగ్గర 'ఇంజనీర్ 2' అంటేనే మిగతా చోట్ల సీనియర్‌తో సమానం కావచ్చు, ప్రకటనలో బయటివాళ్లకి అర్థమయ్యే పేరు పెట్టారు, లెటర్‌లో లోపలి పేరు వచ్చింది. మూడోది, ఇంటర్వ్యూల తర్వాత ప్యానెల్ కూర్చుని 'మనిషి బాగుంది, కానీ సీనియర్‌కి ఇంకా చాలదు, ఒక మెట్టు కింద ఇద్దాం' అని నిజంగానే తగ్గించడం. ఆ సంగతి మీకు ఫోన్ చేసి చెప్పాల్సింది రిక్రూటర్, కానీ ఆ ఫోన్ చేయడం కష్టం కాబట్టి చాలామంది చెప్పకుండా లెటర్ పంపేస్తారు. నేనూ ఒకప్పుడు అలా పంపాను. తప్పు చేశాను.

మూడింటిలో ఏదో తెలియకుండా 'నాకు అన్యాయం జరిగింది' అని రాశారనుకోండి. అది ఉత్త పొరపాటే అయితే మీరు అనవసరంగా ఒక మనిషిని నొప్పించినట్టు. ప్యానెల్ నిర్ణయమే అయితే, మీ కోపం చూసి వాళ్లు తమ నిర్ణయానికి ఇంకా గట్టిగా అతుక్కుంటారు. అందుకే మొదటి మెయిల్ ప్రశ్నలాగే ఉండాలి. తను శుక్రవారం పొద్దున పంపిన మెయిల్ చదువుతాను, అది ఇంగ్లీషులో ఉంది, తెలుగులో చెబుతున్నాను:

'మేడమ్, నిన్న ఆఫర్ లెటర్ అందింది, ధన్యవాదాలు. ఈ టీమ్‌లో పని చేయాలన్న ఆసక్తి నాకు గట్టిగా ఉంది. ఒక్క విషయం స్పష్టం చేసుకోవాలి. నేను అప్లై చేసిన పొజిషన్ సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, ప్రకటన కాపీ జతపరిచాను. లెటర్‌లో హోదా సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ 2, గ్రేడ్ జీ6 అని ఉంది. ఇది పేరులో తేడా మాత్రమేనా, లేక లెవెల్ కూడా వేరా? మీ దగ్గర సీనియర్ ఏ గ్రేడ్‌లోకి వస్తుంది? ఇది తేలే వరకు యాక్సెప్ట్ చేయాల్సిన గడువును వచ్చే శుక్రవారానికి పొడిగించగలరా?'

ఇంతే. 'షాక్ అయ్యాను' అని లేదు, ఏడేళ్ల అనుభవం గురించి లేదు, జీతం ఊసు అసలే లేదు. ముందు ఫోన్ చేసి మాట్లాడి, అదే రోజు ఈ మెయిల్ పెట్టమన్నాను. ఫోన్ మర్యాద కోసం, మెయిల్ రికార్డు కోసం.

గడువు మాట ఎందుకు పెట్టాలో కాస్త చెబుతాను. చాలామంది భయంతో ఏం చేస్తారంటే, లింక్‌లో యాక్సెప్ట్ నొక్కేసి తర్వాత 'దయచేసి హోదా మార్చండి' అని మెయిల్ పెడతారు. యాక్సెప్ట్ చేసినవాళ్ల ఫైల్ మళ్లీ తెరవడానికి లోపల ఎవరికీ తొందర ఉండదు. ఇంకొందరు మెయిల్‌లోనే 'ఒప్పుకుంటున్నాను, కానీ హోదా సీనియర్‌గా మార్చాలి' అని రాస్తారు. 1872 నాటి మన కాంట్రాక్ట్ చట్టంలో ఏడో సెక్షన్ ప్రకారం ఒప్పుకోలు షరతులు లేకుండా పూర్తిగా ఉండాలి. 'కానీ' అని తగిలిస్తే అది ఒప్పుకోలు కిందకే రాదు, మీ వైపు నుంచి వెళ్లిన కొత్త ప్రతిపాదన అవుతుంది. అదే చట్టంలో ఐదో సెక్షన్ ఇంకో సంగతి చెబుతుంది, మీరు ఒప్పుకునే లోపు ఆఫర్ ఇచ్చినవాళ్లు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. ఈ ప్రమాదం నిజమే, దాచను. మర్యాదగా ఒక ప్రశ్న అడిగినందుకు ఆఫర్ వెనక్కి వెళ్లడం నేను చాలా అరుదుగా చూశాను, కానీ అసలు జరగదని మాత్రం చెప్పలేను. రాజీనామా పెట్టొద్దన్నది అందుకే. ఇప్పటికే నోటీసులో ఉండి, ఇంకో పది రోజుల్లో చివరి రోజు ఉన్నవాళ్లు ఈ మెయిల్ పంపేముందు చేతిలో ఇంకో ఆఫర్ ఉందా లేదా చూసుకోవాలి. అవతలివాళ్లకి మీ చివరి తేదీ తెలుసు మరి.

సోమవారం జవాబు వచ్చింది. సీనియర్ జీ7, మీది జీ6, ప్యానెల్ ఫీడ్‌బ్యాక్ ప్రకారం ఫిట్‌మెంట్ అలా జరిగింది. ఈ ఫిట్‌మెంట్ అన్న మాట హెచ్‌ఆర్ వాళ్లు తరచూ వాడతారు, మిమ్మల్ని ఏ గ్రేడ్‌లో ఏ జీతంతో కూర్చోబెట్టాలన్న లెక్క అది. అంటే మూడో కారణం. తను ఆరోజంతా అన్నం తినలేదు. నాలుగు రౌండ్లయ్యాక ఇలా అంటే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది.

ఇక్కడ నేను అడగమన్నది ఒకటే, ఏ రౌండ్‌లో ఏం తక్కువైందని. రిక్రూటర్ ఫోన్లో చెప్పింది, సిస్టమ్ డిజైన్ రౌండ్‌లో ఒక సర్వీస్ దాకా బాగా చెప్పారు కానీ, రెండు మూడు టీమ్‌లకి సంబంధించిన డిజైన్ సొంతంగా నడిపినట్టు కనబడలేదని. ఇది బంగారం లాంటి సమాచారం. ఎందుకంటే ఇప్పుడు రివ్యూ అడగడానికి ఒక చోటు దొరికింది.

రివ్యూ అడిగితే లోపల ఏం జరుగుతుందో తెలిస్తే మీరు రాసే తీరే మారుతుంది. రిక్రూటర్‌కి గ్రేడ్ మార్చే అధికారం లేదు. తను హైరింగ్ మేనేజర్‌ని అడగాలి. ఆ మేనేజర్ ఎందుకు మార్చాలో కారణం రాసి పైకి పంపాలి. జీతాల లెక్కలు చూసే టీమ్ వాళ్లు ఇప్పటికే ఆ గ్రేడ్‌లో ఉన్నవాళ్లతో పోల్చి చూస్తారు. మళ్లీ అప్రూవల్, మళ్లీ లెటర్. అంటే మీ మెయిల్ చివరికి చేరేది మిమ్మల్ని ఎప్పుడూ చూడని ఒక మనిషి దగ్గరికి. మేనేజర్ కాపీ చేసి పెట్టుకోగలిగే నాలుగు వాక్యాలు అందులో ఉండాలి. 'నాకు ఏడేళ్ల అనుభవం ఉంది' అన్నది అలాంటి వాక్యం కాదు, ఏడేళ్లున్నవాళ్లు ఆ జీ6లోనే చాలామంది ఉంటారు.

తన మొదటి డ్రాఫ్ట్ ఒకటిన్నర పేజీ ఉంది. సగం కష్టపడిన తీరు, సగం బాధ. ఇద్దరం కూర్చుని కోసి కోసి ఇలా చేశాం:

'ఫీడ్‌బ్యాక్ చెప్పినందుకు ధన్యవాదాలు. పలు టీమ్‌ల డిజైన్ విషయంలో ఇంటర్వ్యూలో చెప్పే సందర్భం రాని ఒక పనిని మీ దృష్టికి తెస్తున్నాను. గత ఏడాది రీఫండ్ల వ్యవస్థను పాత సర్వీస్ నుంచి విడదీసే పనికి డిజైన్ డాక్యుమెంట్ రాసింది నేనే. పేమెంట్స్, ఆర్డర్లు, ఫైనాన్స్ మూడు టీమ్‌లతో సమీక్షలు నడిపి, ఐదు నెలల్లో దశలవారీగా మార్చాం. ప్రకటనలో సీనియర్ నుంచి ఆశించినట్టు రాసిన మొదటి బాధ్యత ఇదే. ప్రస్తుతం నా హోదా కూడా సీనియర్, లెటర్ జతపరిచాను. వీటిని చూసి జీ7కి పునఃపరిశీలించగలరా? అవసరమైతే ఇంకో డిజైన్ చర్చకు సిద్ధం. హైరింగ్ మేనేజర్‌తో పదిహేను నిమిషాలు మాట్లాడే వీలుంటే సంతోషం.'

ఈ చివరి వాక్యం చూడండి. మేనేజర్ మెయిల్ ఐడీ తన దగ్గరుంది, నేరుగా రాయొచ్చు, లేదా సీసీలో పెట్టొచ్చు. వద్దన్నాను. రిక్రూటర్‌ని దాటి వెళ్తే, రేపు మీ ఫైల్ పట్టుకుని నాలుగు డెస్కుల చుట్టూ తిరగాల్సిన మనిషినే దూరం చేసుకున్నట్టు. అలాగే పాత కంపెనీ లోపలి డాక్యుమెంట్లు, అంకెలు మెయిల్‌లో జత చేయకండి, చేసిన పని వర్ణిస్తే చాలు.

రెండు రోజులకి ఫోన్. 'గ్రేడ్ కష్టం, కానీ లక్షన్నర జాయినింగ్ బోనస్ ఇప్పిస్తాను, ఈరోజే యాక్సెప్ట్ చేసేయండి' అని. ఇంట్లో నాన్నగారు తీసుకోమన్నారు, పెద్దాయన మాటలోనూ న్యాయం ఉంది, చేతికొచ్చిన ఉద్యోగం. కానీ బోనస్ ఒక్కసారి వచ్చేది, పైగా ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలి. గ్రేడ్ తేడా వల్ల ఒక్క వేరియబుల్‌లోనే ఏటా పోయేది 1.3 లక్షలని ఇందాక లెక్క చూశాం. డబ్బునీ లెవెల్‌నీ ఒకే మెయిల్‌లో అడగొద్దని నేను పట్టుబట్టేది ఇందుకే. కలిపి అడిగితే వాళ్లకి తేలికైనది డబ్బు, కాస్త డబ్బిచ్చి ఫైల్ మూసేస్తారు. తను మర్యాదగా, 'బోనస్ లేకపోయినా ఫర్వాలేదు మేడమ్, నేను అడుగుతున్నది గ్రేడ్ గురించి' అంది. ఆ ఒక్క మాటతో మేనేజర్‌తో కాల్ కుదిరింది, తర్వాత ఇంకో సీనియర్‌తో నలభై ఐదు నిమిషాల డిజైన్ చర్చ. రీఫండ్ల పని మీదే ప్రశ్నలన్నీ.

మొదటి మెయిల్ పంపిన పదకొండో రోజుకి కొత్త లెటర్ వచ్చింది. సీనియర్, జీ7. ఫిక్స్‌డ్ అదే 26 లక్షలు, బోనస్ లేదు, వేరియబుల్ పదిహేను శాతం.

అందరికీ ఇలా జరగదు. పోయిన వేసవిలో నేను సాయం చేసిన ఒకబ్బాయికి రివ్యూ అయ్యాక కూడా కాదన్నారు. ఆరు నెలల్లో చూస్తామని మేనేజర్ ఫోన్లో అన్నాడు. ఆ మాటే మెయిల్‌లో రాసివ్వమని అడిగితే రాయలేదు. లెటర్‌లో అప్పటికే 'ఇంతకు ముందు జరిగిన చర్చలన్నిటి స్థానంలో ఈ లెటరే చెల్లుతుంది' అని ఒక క్లాజ్ ఉంది, ఇది చాలా లెటర్లలో ఉంటుంది, ఫోన్లో ఇచ్చిన మాటలన్నీ దాని ముందు ఎగిరిపోతాయి. ఆ అబ్బాయి టీమ్ నచ్చి, అన్నీ తెలిసే చేరాడు. అది తప్పని నేను అనను. తెలియకుండా చేరి, మొదటి అప్రైజల్‌లో తెలుసుకుని కుమిలిపోయినవాళ్లని చూశాను, నా బాధ వాళ్ల గురించి.

అడగండమ్మా, ఆ నీలం చున్నీ అమ్మాయి. (ప్రశ్న: హోదా పేరు మార్చి, గ్రేడ్ అలాగే ఉంచితే తీసుకోవచ్చా?)

మంచి ప్రశ్న, అలా ఇస్తారు కూడా. లెటర్ మీద సీనియర్ అని వస్తుంది, లోపల జీ6 అలాగే ఉంటుంది. తర్వాత బయటికి వెళ్లేటప్పుడు రిలీవింగ్ లెటర్‌లో ఆ పేరు పనికొస్తుంది, కానీ వేరియబుల్, ప్రమోషన్ గడియారం అన్నీ గ్రేడ్‌ని బట్టే నడుస్తాయి. రెండేళ్లలో మారిపోయే ఆలోచన ఉంటే పేరు చాలు. అక్కడే ఎదగాలనుకుంటే గ్రేడ్ కావాలి. ఏది ఇస్తున్నారో స్పష్టంగా అడిగి తెలుసుకోండి.

ఆ, ఇంకొకటి మర్చిపోయాను. తనకి కొత్త లెటర్ వచ్చిన రోజు మొదటి పేజీలో జీ7 అని ఉంది, చివర జీతం వివరాల అనుబంధంలో మాత్రం ఇంకా జీ6, వేరియబుల్ పది శాతమే. పాత ఫైల్ మీదే దిద్దారన్నమాట. మళ్లీ రెండు వాక్యాల మెయిల్, సాయంత్రానికి సరిచేశారు. పోర్టల్‌లోకి వెళ్తే పాత ఆఫర్, కొత్త ఆఫర్ రెండూ పక్కపక్కనే ఉన్నాయి, రెండిటికీ యాక్సెప్ట్ బటన్ వెలుగుతూనే ఉంది. తను రిక్రూటర్‌కి ఫోన్ చేసి, పాతది తీసేయించాక కానీ రెండోది నొక్కలేదు.